ఎఫ్‌డీ అని చెప్పి యూలిప్ అంటగడుతున్నారు: బీమా నియంత్రణ సంస్థకు బహిరంగ లేఖ

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ చైర్‌పర్సన్ గారికి, సభ్యులకు,
నానక్‌రామ్‌గూడ, హైదరాబాద్.

అయ్యా,

ఫిక్స్‌డ్ డిపాజిట్ రెన్యువల్ చేయించుకుందామని బ్యాంకుకు వెళ్లిన పెద్దవాళ్లు యూలిప్, అంటే కట్టిన డబ్బులో కొంత బీమాకు పోయి మిగిలింది మార్కెట్ ఫండ్లలోకి వెళ్లే పాలసీ, తీసుకుని ఇంటికి వస్తున్నారు. తీసుకున్నది పాలసీ అన్న సంగతి కూడా వాళ్లకు తెలియడం లేదు. ఏడాది తిరిగాక రెండో ప్రీమియం కట్టమని మెసేజ్ వచ్చినప్పుడు గుండెల్లో రాయి పడుతోంది. దీన్ని ఆపడానికి కావలసిన నిబంధనలు చాలావరకు మీరు ఇప్పటికే పెట్టారు. కౌంటర్ దగ్గర మాత్రం వాటిని ఎంత తేలిగ్గా దాటేస్తున్నారో ఒక పాలసీ కాగితాలు ముందు పెట్టుకుని మీకు చూపించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఒక సహకార బ్యాంకులో పనిచేసి రిటైర్ అయ్యాను. తెనాలిలో ఉంటాను. చుట్టుపక్కల వాళ్లు, బంధువులు బ్యాంకు కాగితాలో బీమా కాగితాలో అర్థం కాకపోతే నా దగ్గరికి తెస్తుంటారు. అలా వచ్చేవాటిలో ఈ తరహావి ఎక్కువవుతున్నాయని నాకు అనిపిస్తూనే ఉంది. మీ 2024-25 వార్షిక నివేదిక చూస్తే అది నా ఒక్కడి అనుభవం కాదని తేలింది. ఆ ఏడాది జీవిత బీమా మీద వచ్చిన ఫిర్యాదులు మొత్తం 1,20,429. అంతకు ముందు ఏడాదితో పోలిస్తే దాదాపు అంతే. కానీ అందులో అనుచిత వ్యాపార పద్ధతుల మీద వచ్చినవి 23,335 నుంచి 26,667కి పెరిగాయి. అంటే జీవిత బీమా మీద ఫిర్యాదు చేసే ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా చెబుతున్నది ఒకటే మాట: నాకు ఒకటి చెప్పి ఇంకొకటి అమ్మారు. ఇవి ఫిర్యాదు దాకా వచ్చినవి మాత్రమే. తమ దగ్గరున్నది డిపాజిట్టే అనుకుంటున్న వాళ్లు ఇంకా ఫిర్యాదు చేయలేదు కదా.

ఇక ఆ పాలసీ సంగతి. అది మా పిన్నిది. బాబాయి ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి పోయారు. ఆయన పీఎఫ్ డబ్బులో కొంత పిన్ని పేరు మీద ఎఫ్‌డీలుగా ఉండేది. అందులో రెండు లక్షల ఎఫ్‌డీ 2024 ఆగస్టులో మెచ్యూర్ అయింది. అప్పటికి ఆమెకు 61 ఏళ్లు. రెన్యువల్‌కు వెళ్తే కౌంటర్ పక్కన టేబుల్ వేసుకుని కూర్చున్న ఒక కుర్రాడు పలకరించాడు. ఆమె దృష్టిలో అతను బ్యాంకు అబ్బాయి. నిజానికి బీమా కంపెనీ తరఫున అక్కడ కూర్చునే ఏజెంటు. అతను అన్న మాటలు పిన్నికి బాగా గుర్తున్నాయి. "ఎఫ్‌డీకి ఏడు కూడా రావట్లేదమ్మా. మన బ్యాంకులోనే కొత్తది వచ్చింది, పన్నెండు దాకా వస్తుంది. ఐదేళ్లు కదపకూడదు, అంతే. పన్ను ఉండదు, పైగా బీమా ఫ్రీ."

ఈ మాటల్ని ఒక్కొక్కటిగా చూడండి. ఒక్కటి కూడా పూర్తి అబద్ధంలా వినిపించదు. పట్టుకోవడం కష్టమయ్యేది అందుకే. "మన బ్యాంకులోనే" అన్నది నిజమే, ఆ బ్యాంకు ఆ బీమా కంపెనీకి కార్పొరేట్ ఏజెంటు. కానీ డబ్బు బ్యాంకులో ఉండదు, బీమా కంపెనీకి వెళ్తుంది. బ్యాంకు డిపాజిట్‌కు ఉండే అయిదు లక్షల డిపాజిట్ బీమా దానికి వర్తించదు. "పన్నెండు దాకా" అన్నది ఏదో ఒక ఫండ్‌కు ఏవో కొన్నేళ్లలో వచ్చిన రాబడి. అది వడ్డీ కాదు, రేపు వస్తుందని ఎవరూ రాసివ్వరు. "ఐదేళ్లు కదపకూడదు" అన్నది అక్షరాలా నిజం, 2010 సెప్టెంబరు నుంచి యూలిప్‌లకు ఐదేళ్ల లాకిన్ ఉంది. కానీ జీవితమంతా ఎఫ్‌డీలే వేసిన మనిషికి ఆ మాట "ఐదేళ్ల ఎఫ్‌డీ" అనే వినిపిస్తుంది. పన్ను ఆదా కోసం వేసే ఐదేళ్ల ఎఫ్‌డీ ఒకటి నిజంగానే ఉంది కాబట్టి అనుమానం కూడా రాదు.

"పన్ను ఉండదు" అన్నది ఈ పాలసీ విషయంలో తప్పు. మెచ్యూరిటీ డబ్బుకు పన్ను మినహాయింపు రావాలంటే ఏడాది ప్రీమియం బీమా మొత్తంలో పదో వంతు దాటకూడదు. పిన్ని పాలసీలో ఏడాది ప్రీమియం రెండు లక్షలు, బీమా 14 లక్షలు. అంటే ఏడు రెట్లే. మినహాయింపు గీత దాటిపోయింది. "బీమా ఫ్రీ" అన్నది ఇంకా పెద్ద తప్పు, దాని లెక్క కాసేపట్లో చెబుతాను.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది అతను చెప్పని మాట. ఇది ఒక్కసారి వేసే డబ్బు కాదు. ప్రతి ఏడాదీ రెండు లక్షల చొప్పున పదేళ్లు కట్టాలి, పాలసీ కాలం 20 ఏళ్లు. నెలకు కొద్దిపాటి ఫ్యామిలీ పెన్షన్ వచ్చే మనిషి పదేళ్లలో 20 లక్షలు కడతానని సంతకం పెట్టింది, ఆ విషయం తెలియకుండానే.

సరిగ్గా ఏడాదికి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. "నాది డిపాజిట్ కదరా, ప్రీమియం ఏంటి?" అని పిన్ని నాకు ఫోన్ చేసింది. అప్పుడు కంపెనీకి రాసి ప్రపోజల్ ఫారం కాపీ, ఆమె సంతకం చేసిన బెనిఫిట్ ఇలస్ట్రేషన్ కాపీ, పాలసీ ఇచ్చే ముందు వివరాలు సరిచూసుకోవడానికి కంపెనీ చేసే వెరిఫికేషన్ కాల్ రికార్డింగు మూడూ అడిగాం. ఈ మూడూ చూస్తే అసలు ఏం జరిగిందో అర్థమవుతుంది.

ప్రపోజల్ ఫారంలో పిన్ని వృత్తి "వ్యాపారం" అని, వార్షికాదాయం తొమ్మిది లక్షలు అని ఉంది. రెండు లక్షల ప్రీమియానికి కంపెనీ లెక్కలో సరిపోయే ఆదాయం చూపించాలి కాబట్టి అలా నింపారు. ఈమెయిల్ ఐడీ అని ఉన్నచోట పిన్ని ఎప్పుడూ వినని ఐడీ ఉంది. ఆమెకు అసలు మెయిలే లేదు. పాలసీ బాండ్ ఆ మెయిల్‌కే వెళ్లింది. పిన్ని తెలుగులో సంతకం చేస్తుంది. అలాంటప్పుడు ఫారంలో ఉన్నదంతా ఆమె భాషలో చదివి వినిపించానని ఇంకొకరు సంతకం పెట్టాలి. ఆ సంతకం ఉంది. ఎవరిదో ఆమెకు తెలియదు. ఆరోజు తనకు ఎవరూ ఏదీ చదివి వినిపించలేదని ఆమె ఖరాఖండిగా చెబుతోంది.

బెనిఫిట్ ఇలస్ట్రేషన్ అంటే ఏడాదికేడాది ఎంత కడతారు, ఏయే ఛార్జీలు పోతాయి, ఫండ్ విలువ ఎంత ఉండొచ్చు అని చూపే పట్టిక. నాలుగు శాతం, ఎనిమిది శాతం రాబడి వస్తే అన్న రెండు ఊహల మీద లెక్క కట్టి చూపాలని మీ నిబంధన. పేజీ కింద ఆమె సంతకం ఉంది. పట్టిక మొత్తం ఇంగ్లీషులో ఉంది. ఇందులో పెట్టుబడి రిస్కు పాలసీదారుదేనని, మొదటి ఐదేళ్లు డబ్బు వెనక్కి తీసుకోవడం కుదరదని మీరు తప్పనిసరి చేసిన హెచ్చరికలు కూడా కాగితాల్లో ఉన్నాయి. అవీ ఇంగ్లీషులోనే.

రికార్డింగు వినడం నాకు చాలా కష్టమైంది. అవతల అమ్మాయి గుక్క తిప్పుకోకుండా చదువుకుంటూ పోతుంది. మధ్యలో ఒకచోట "ప్రీమియం పేయింగ్ టర్మ్ టెన్ ఇయర్స్, యాన్యువల్ ప్రీమియం టూ లాక్స్, ఓకేనా మేడమ్?" అంటుంది. పిన్ని ఒక్క క్షణం ఆగుతుంది. వెనక నుంచి మగ గొంతు, బాగా మెల్లిగా, "ఎస్ అనండమ్మా" అంటుంది. పిన్ని "ఎస్" అంటుంది. కాల్ వస్తే అన్నిటికీ ఎస్ అనాలని, లేకపోతే డిపాజిట్ ఆగిపోతుందని అతను ముందే చెప్పి ఉంచాడు. కాల్ వచ్చినప్పుడు పక్కనే కూర్చున్నాడు. కస్టమర్‌ను కాపాడటానికి పెట్టిన కాల్ చివరికి కస్టమర్ మీదే సాక్ష్యంగా మారింది. మా మొదటి ఫిర్యాదుకు కంపెనీ ఇచ్చిన జవాబు రెండే ముక్కలు: మీరు సంతకం చేశారు, కాల్‌లో ఒప్పుకున్నారు.

ఇప్పుడు డబ్బు లెక్క. పిన్ని కట్టింది రెండు లక్షలు. అందులో ప్రీమియం అలొకేషన్ ఛార్జీ ఐదు శాతం, అంటే 10,000 మొదటే పోయింది. మిగిలినదానితో ఫండ్ యూనిట్లు కొన్నారు. ఆ తర్వాత ప్రతి నెలా కొన్ని యూనిట్లు రద్దు చేసి రెండు ఛార్జీలు తీసుకుంటారు. పాలసీ నిర్వహణకు నెలకు 500 చొప్పున ఏడాదికి 6,000. బీమా రక్షణకు తీసుకునే మోర్టాలిటీ ఛార్జీ ఏడాదికి సుమారు 11,600. ఫ్రీ అని చెప్పిన బీమా ఖరీదు ఇది. 61 ఏళ్ల మనిషికి 14 లక్షల బీమా అంటే అంత అవుతుంది, వయసు పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది. వీటి మీద అప్పట్లో ఉన్న జీఎస్టీ కలిపితే దాదాపు 32,500. ఫండ్ నిర్వహణ ఛార్జీ వేరు. అది విడిగా కనిపించదు, యూనిట్ ధరలోనే తగ్గించి చూపిస్తారు. దానికి మీరు పెట్టిన గరిష్ఠ పరిమితి ఏడాదికి 1.35 శాతం. ఆ ఏడాది ఫండ్‌కు వచ్చిన కొద్దిపాటి రాబడి ఆ ఛార్జీకే దాదాపు సరిపోయింది. ఏడాది చివర స్టేట్‌మెంట్‌లో ఫండ్ విలువ 1,68,000 చిల్లర.

ఇక్కడ ఆపేస్తే ఏమయ్యేదో కూడా చెప్పాలి, ఎందుకంటే మోసపోయామని తెలిసిన చాలామంది చేసేది అదే, కట్టడం మానేస్తారు. రెండో ప్రీమియం గడువు, ఆ మీద 30 రోజుల గ్రేస్ దాటాక డిస్‌కంటిన్యుయెన్స్ ఛార్జీ పడుతుంది. రెండో ఏడాదిలో ఈ స్థాయి ప్రీమియానికి అది గరిష్ఠంగా 5,000. మిగిలిన సుమారు 1,62,000 డిస్‌కంటిన్యూడ్ పాలసీ ఫండ్‌లోకి మారుతుంది, బీమా రక్షణ ఆగిపోతుంది. ఆ ఫండ్ మీద కనీసం నాలుగు శాతం ఇవ్వాలని మీ నిబంధన. డబ్బు మాత్రం ఐదేళ్ల లాకిన్ అయ్యేదాకా చేతికి రాదు. ఆ నాలుగు శాతంతో లెక్కవేస్తే 2029లో ఆమెకు దక్కేది సుమారు 1,89,000. ఐదేళ్లు ఎదురుచూసి, పెట్టినదానికన్నా తక్కువ. అదే రెండు లక్షలు ఆరున్నర శాతం ఎఫ్‌డీలో ఉంచి ఉంటే దాదాపు 2,76,000 అయ్యేది.

యూలిప్ అన్నదే మోసమని నేను అనడం లేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగి, మార్కెట్ అంటే ఏమిటో తెలిసి, పదిహేనేళ్లు కదపకుండా కట్టగలిగితే అది అతని ఇష్టం. 2010 తర్వాత ఛార్జీలకు మీరు పరిమితులు పెట్టడం వల్ల పాతవాటికన్నా ఇవి చాలా నయం కూడా. మళ్లీ సంపాదించలేని వయసులో ఉన్నవాళ్లకు, ఏటా కట్టే స్తోమత లేనివాళ్లకు, డిపాజిట్ అని పేరు మార్చి అమ్మడం దగ్గరే నా అభ్యంతరం.

ఈ ఉత్తరం మీతో పాటు మామూలు జనం కూడా చదువుతారు కాబట్టి వాళ్లకు నాలుగు మాటలు. మీ ముందు పెట్టింది డిపాజిట్టో పాలసీనో తెలుసుకోవడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు. వాళ్లు మిమ్మల్ని ఏం అడుగుతున్నారో గమనించండి. ఎత్తు ఎంత, బరువు ఎంత, షుగర్ ఉందా, సిగరెట్ తాగుతారా అని అడిగారంటే అది బీమా. డిపాజిట్ వేయడానికి మీ బరువుతో ఎవరికీ పని లేదు. ఆ డబ్బు ఎవరి పేరు మీద వెళ్తుందో చూడండి. చెక్కు బీమా కంపెనీ పేరు మీద రాయమన్నా, పాస్‌బుక్‌లో డెబిట్ పక్కన బీమా కంపెనీ పేరు పడినా అది డిపాజిట్ కాదు. నిజమైన ఎఫ్‌డీకి ఆ బ్యాంకు ఇచ్చిన రసీదు ఉంటుంది, అందులో వడ్డీ రేటు, మెచ్యూరిటీ తేదీ, ఆ రోజు చేతికొచ్చే మొత్తం అంకెల్లో ఉంటాయి. "దాదాపు", "దాకా" అన్న మాటలు అందులో ఉండవు. ప్రీమియం, యూనిట్లు, ఎన్ఏవీ, ఫండ్ అన్న మాటల్లో ఏ ఒక్కటి మెసేజ్‌లో కనిపించినా వెంటనే ఎవరికైనా చూపించండి.

ఏజెంటును ఒకటే ప్రశ్న అడగండి. "వచ్చే ఏడాది నేను ఒక్క రూపాయి కూడా కట్టకపోతే, ఏ తేదీన నాకు ఎంత వస్తుంది? రాసి సంతకం పెట్టి ఇవ్వు." ఎఫ్‌డీ అయితే బ్యాంకు ఆ అంకె రసీదు మీదే అచ్చు వేసి ఇస్తుంది. పాలసీ అయితే ఆ అంకె రాసే ధైర్యం ఎవరికీ ఉండదు. నోటితో చెప్పింది తర్వాత నిరూపించలేరు. అతను పెన్నుతో బ్రోషర్ మీద గీసిన లెక్క ఉంటే పారేయకండి, వాట్సాప్‌లో పంపినవి చెరిపేయకండి.

పొరపాటున తీసేసుకున్నారా? పాలసీ పత్రం అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు, ఏ కారణంతోనైనా వద్దని రాసిచ్చే హక్కు మీకుంది. దాన్ని ఫ్రీలుక్ అంటారు. యూలిప్‌లో ఆ రోజు ఫండ్ విలువకు, కోసిన ఛార్జీలు కలిపి, ఆ కొన్నాళ్ల బీమా ఖర్చు, స్టాంపు డ్యూటీ, వైద్య పరీక్ష చేయించి ఉంటే ఆ ఖర్చు మినహాయించి తిరిగి ఇస్తారు. ఇంతకన్నా తక్కువ నష్టంతో బయటపడే దారి లేదు. ఏజెంటుకు ఫోన్ చేయొద్దు, వచ్చే నెల చూద్దాం అంటూ 30 రోజులు దాటించేస్తాడు. నేరుగా కంపెనీకి రాసి, అందినట్టు రసీదు తీసుకోండి.

ఆ గడువు దాటిపోతే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. bimabharosa.irdai.gov.in లో నమోదు చేయొచ్చు, 155255 నంబరుకు ఫోన్ చేసినా నమోదు చేసుకుంటారు. కంపెనీ కాదంటే, లేదా నెల రోజుల్లో జవాబివ్వకపోతే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వాళ్లకు హైదరాబాద్ కార్యాలయం. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల వరకు ఉన్న వివాదాలు తీసుకుంటారు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. అయితే "నన్ను మోసం చేశారు" అని మాత్రమే రాస్తే నిలవదు, అవతల మీ సంతకం ఉంటుంది. మా విషయంలో పనికొచ్చింది కాగితాల మధ్య ఉన్న పొంతన లేనితనం. పెన్షన్ పాస్‌బుక్ ఒక పక్క, వ్యాపారం, తొమ్మిది లక్షల ఆదాయం అన్న ఫారం ఇంకో పక్క పెట్టాం. ఎఫ్‌డీ క్లోజ్ అయిన తేదీ, ప్రీమియం కట్టిన తేదీ ఒకటేనని స్టేట్‌మెంట్‌లో చూపించాం. రికార్డింగులో ఆ వెనక గొంతు ఏ నిమిషంలో వినిపిస్తుందో రాశాం. అంబుడ్స్‌మన్ దగ్గర ఫిర్యాదు వేశాక, విచారణ తేదీ రాకముందే కంపెనీ రెండు లక్షలు వెనక్కి ఇచ్చింది. వడ్డీ ఇవ్వలేదు. అమ్మిన అతని మీద ఏం చర్య తీసుకున్నారని అడిగితే జవాబు లేదు. అతను ఇప్పటికీ అదే టేబుల్ దగ్గర ఉన్నాడు.

అయ్యా, ఇక మీతో. నేను అడిగేవి మూడు.

మొదటిది వెరిఫికేషన్ కాల్. ఎస్, నో ప్రశ్నలు తీసేయించండి. "మీరు ఏం కొన్నారో మీ మాటల్లో చెప్పండి. వచ్చే ఏడాది ఎంత కట్టాలి? ఎన్నేళ్లు కట్టాలి?" అని కస్టమర్ భాషలో అడిగించండి. మా పిన్నిని ఆరోజు ఇలా అడిగి ఉంటే "ఎఫ్‌డీ వేశానమ్మా, మళ్లీ కట్టేదేం లేదు" అని చెప్పి ఉండేది, పాలసీ అక్కడే ఆగిపోయేది. అమ్మిన రోజున, అమ్మిన చోట ఉండగా కాల్ చేయకూడదు, కనీసం మర్నాడు ఇంట్లో ఉన్నప్పుడు చేయాలి. వెనక ఇంకొకరు అందిస్తున్నట్టు వినిపిస్తే ఆ కాల్ చెల్లకూడదు. రికార్డింగు అడక్కుండానే కస్టమర్ ఫోన్‌కు లింకుగా రావాలి. మేం అడిగాం కాబట్టి దొరికింది, అడగొచ్చని ఎంతమందికి తెలుసు?

రెండోది 30 రోజుల లెక్క. ఆ హక్కు మంచిది, కానీ దాని గడియారం ఎప్పుడు మొదలవుతుందన్న దగ్గరే అది చచ్చిపోతోంది. పాలసీలు ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వాలన్నారు, బాగుంది. మెయిలే లేని మనిషి పేరు మీద ఎవరో సృష్టించిన ఐడీకి బాండ్ పంపి, అందిందని కంపెనీ లెక్కవేసుకుంటోంది. ఫారంలో రాసిన మెయిల్‌కు, ఫోన్‌కు ముందుగా ఓటీపీ పంపి, అవి కస్టమర్ చేతిలో ఉన్నవేనని తేల్చుకున్నాకే పాలసీ జారీ చేయాలి. 60 దాటినవాళ్లకు కాగితం బాండ్ కూడా స్పీడ్ పోస్టులో ఇంటికి వెళ్లాలి, దానికి మొదటి పేజీగా వాళ్ల భాషలో పెద్ద అక్షరాలతో ఒక్క పేజీ ఉండాలి. అందులో ఇది డిపాజిట్ కాదని, ఏటా ఇంత, ఇన్నేళ్లు కట్టాలని, మానేస్తే ఐదో ఏడు చివర కనీసం ఇంత వస్తుందని, వద్దనుకుంటే ఫలానా తేదీలోపు ఈ కింద సంతకం పెట్టి పంపమని రాసి ఉండాలి. కస్టమర్ సమాచార పత్రం ఇవ్వాలని మీరు 2024లోనే అన్నారు. దాన్ని తెలుగులో, ఆ ఒక్క పేజీలోకి తెప్పిస్తే చాలు. బాండ్ అందిందని పోస్టు రుజువు ఉన్న తేదీ నుంచే 30 రోజులు లెక్కించాలి.

మూడోది బ్యాంకు వైపు. ఇది రిజర్వ్ బ్యాంకుతో కలిసి మీరు చేయవలసింది. ఎఫ్‌డీ క్లోజ్ అయిన వారంలోపు అదే ఖాతా నుంచి ఏటా కట్టే బీమా ప్రీమియం వెళ్తుంటే, ఆ ఖాతాదారు వయసు 60 దాటి ఉంటే, బ్యాంకు కంప్యూటర్‌కు ఆ రెండూ కనిపిస్తాయి. నేను కౌంటర్ వెనక పనిచేసినవాడిని, అది గుర్తించడం ఎంత సులువో నాకు తెలుసు. అలాంటి లావాదేవీని పదిహేను రోజులు ఆపి, ఆ బ్రాంచికి సంబంధం లేని అధికారి ఒకరు కస్టమర్‌తో మాట్లాడాకే వదలాలి. జనవరి నుంచి మార్చి దాకా టార్గెట్ల ఒత్తిడి ఎలా ఉంటుందో బ్రాంచిలో పనిచేసినవాళ్లను ఎవరిని అడిగినా చెబుతారు. ఆ ఒత్తిడి కింద ఉన్న మనిషికే "ఈమెకు ఇది సరిపోతుందా" అని నిర్ణయించే పని కూడా అప్పగించడం ఆ ఉద్యోగికీ అన్యాయమే.

యూలిప్‌లను పెట్టుబడి పథకాలుగా ప్రచారం చేయొద్దని 2024లో మీరు కంపెనీలకు స్పష్టంగా చెప్పారు. కంపెనీలు ప్రకటనలు మార్చుకున్నాయేమో గానీ, టేబుల్ దగ్గర నోటితో చెప్పే మాట ఏ ప్రకటనలోనూ ఉండదు. ఆ మాటను పట్టుకునే చోట్లు ఈ మూడే అని నా అభిప్రాయం.

చివరగా ఒక చిన్న అభ్యర్థన. అనుచిత వ్యాపార పద్ధతుల ఫిర్యాదులను వచ్చే వార్షిక నివేదికలో విడగొట్టి ఇవ్వండి. అందులో యూలిప్‌లవి ఎన్ని, బ్యాంకుల ద్వారా అమ్మినవి ఎన్ని, 60 దాటినవాళ్లవి ఎన్ని, ఎన్నిటిలో డబ్బు వెనక్కి ఇచ్చారు, ఎంతమంది అమ్మకందార్ల మీద చర్య తీసుకున్నారు అన్నది కంపెనీల వారీగా, బ్యాంకుల వారీగా ప్రచురించండి. ఏ బ్రాంచికి వెళ్లేటప్పుడు జాగ్రత్తగా ఉండాలో అప్పుడు మాకు తెలుస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
తెనాలి.